అద్దె రసీదు సంగతి

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావ్? అరసవల్లిలో మీ మేడ మీద పోర్షన్‌లో దిగిన బ్యాంకాయన నెలనెలా రసీదు అడుగుతున్నాడని రాశావు కదా, ఇచ్చెయ్యరా. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి, జీతంలో ఇంటి అద్దె కోసం ఇచ్చే హెచ్‌ఆర్‌ఏ మీద పన్ను మినహాయింపు కావాలంటే ఆఫీసులో చూపించాల్సింది అదే. ఇక్కడ విజయనగరంలో మా ఇంట్లో ఉండే టీచరుగారికి నేను ఏ నెలకి ఆ నెల రాసిస్తాను.

మొదటి సంగతి, ఇల్లు అమ్మ పేరు మీద ఉంది కాబట్టి రసీదు మీద పేరూ సంతకమూ అమ్మవే ఉండాలి, డబ్బు కూడా అమ్మ ఖాతాలోకే రానీ. ఏ నెల అద్దె, ఎంత, ఏ తేదీన ముట్టింది, నగదా ఫోన్‌పేనా, ఇంటి చిరునామా, అద్దెకున్నవాళ్ల పేరు, ఇవి ఉంటే చాలు. నగదుగా ఐదు వేలు దాటి తీసుకుంటే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం పెట్టించు.

అసలు జాగ్రత్త అంకె దగ్గర. నువ్వు 8,000 అద్దెతో పాటు నీళ్లకీ మోటారుకీ 500 కలిపి తీసుకుంటున్నావు కదా, రసీదులో మాత్రం 8,000 మాత్రమే రాయి, ఆ 500కి వేరే చీటీ ఇవ్వు. అది అద్దె కాదు. కలిపి రాస్తే ఏడాదికి 6,000 లేని అద్దె చూపించినట్టవుతుంది, రేపు నోటీసు వస్తే ఇబ్బంది పడేది ఆయన. అడ్వాన్సు కూడా అంతే, తిరిగిచ్చేసే డబ్బు కాబట్టి దాన్ని అద్దెలో కలపకు.

ఇప్పుడు నువ్వు అక్టోబరు నుంచి 8,800 చేస్తానంటున్నావు. లెక్క చూడు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 48,000, తర్వాత ఆర్నెల్లూ 52,800, మొత్తం 1,00,800. ఏడాది అద్దె లక్ష దాటితే ఆయన ఆఫీసులో ఇంటి ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. ఆ ఎనిమిది వందల కోసమే అమ్మ పాన్ అవసరం పడుతుంది. పాన్ ఇస్తే పన్ను పడిపోతుందేమో అని భయపడకు. అద్దె ఆదాయంలోంచి కట్టిన ఇంటి పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం ఎలాగూ తగ్గిస్తారు, ఇంటి పన్ను పక్కన పెట్టినా లెక్కలోకి వచ్చేది 70,560 దాటదు. అమ్మకి వేరే ఆదాయం పెద్దగా లేదు కదా, టెన్షన్ ఎందుకు?

ఆయనకి ఎంత మినహాయింపు వస్తుందంటే, బేసిక్, డీఏ కలిపి నెలకి 45,000 అనుకో, ఏడాదికి 5,40,000. దాంట్లో పదో వంతు 54,000. కట్టిన అద్దెలోంచి అది తీసేస్తే 46,800. మన ఊళ్లలో జీతంలో 40 శాతం, చేతికొచ్చిన హెచ్‌ఆర్‌ఏ, ఈ 46,800, మూడింట్లో ఏది తక్కువైతే అంతే మినహాయింపు. మామూలుగా ఈ చివరిదే తక్కువ వస్తుంది, అందుకే నీ రసీదులో అంకె తేడా వస్తే ఆ తేడా మొత్తం ఆయన పన్ను లెక్కలోకి పోతుంది.

ఏడాది చివర పేజీ ఒకటి రాసివ్వు, నెల, అద్దె, ముట్టిన తేదీ వరసగా, కింద మొత్తం, పాన్, సంతకం. ఆఫీసులు సాధారణంగా జనవరి, ఫిబ్రవరిలోనే కాగితాలు అడిగేస్తాయి. అప్పుడు ముట్టిన నెలల వరకే రాసి, మిగతా నెలలకి అద్దె ఇంత అని వేరే వాక్యంలో రాయి, రాని డబ్బుకి ముందే రసీదు మాత్రం ఇవ్వకు. మార్చి అద్దె వచ్చాక పూర్తి కాగితం ఇవ్వచ్చు. అద్దె పెంచే సంగతి చెప్పే రోజునే పాన్ కూడా ఆయన చేతిలో పెట్టేయ్.

అమ్మని అడిగానని చెప్పు.

నీ
శ్రీను