ఇరవై శాతం జానెడు, పరిమితి చీమ తలకాయంత

సంపాదకులకు,

దసరా ముందు ఆదివారం మీ మొదటి పేజీ మొత్తాన్ని మింగేసిన బట్టల దుకాణం ప్రకటన అందరూ చూసే ఉంటారు. జానెడు అంకెల్లో 20 శాతం తగ్గింపు, కింద చుక్కల గీతతో కూపన్. ఆ కూపన్ అంచున నక్షత్రం గుర్తు పెట్టి, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో మరో మాట: గరిష్ఠంగా 500 రూపాయలు.

ఇరవై శాతం కూపన్‌లో పరిమితిని అయిదుతో గుణిస్తే దాని అసలు సత్తా తెలుస్తుంది. ఇక్కడ అది 2,500. అంతవరకు కొన్నవారికి మాట ప్రకారమే ఇరవై శాతం తగ్గుతుంది. ఆపైన కొన్న ప్రతి రూపాయికీ తగ్గింపు సున్నా. 5,000 బిల్లుకు పది శాతం, 10,000కు అయిదు శాతం. మా పక్కింటివారు పెళ్లి బట్టలకు వెళితే బిల్లు 16,000 అయింది. 3,200 తగ్గుతుందనుకుంటే తగ్గింది 500, అంటే మూడు శాతం పైచిలుకు. కూపన్ల జోలికి పోకుండా బిల్లు మీద నేరుగా అయిదు శాతం తగ్గించే సందు చివరి కొట్టులో అయితే 800 మిగిలేది. పోనీ బిల్లును ఏడు ముక్కలు చేయమంటే, ఒక ఫోను నంబరుకు ఒకే కూపన్ అన్నాడట కౌంటరులో అబ్బాయి. ఎక్కువ కొనేవారికి తక్కువ శాతం ఇచ్చి, దానికి పండగ కానుక అని పేరు!

పరిమితి పెట్టుకోవడం వ్యాపారి ఇష్టం, కాదనను. దాన్ని దాచడమే తప్పు. తప్పుదారి పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. షరతు కూడా ప్రకటన ఉన్న భాషలోనే, అదే రకం అక్షరాల్లో, స్పష్టంగా కనబడేలా ఉండాలని వాటిలో రాసి ఉంది. తెలుగులో ఊరించి ఇంగ్లీషులో తప్పించుకోవడం దీనికి ఎలా సరిపోతుందో అధికారులే చెప్పాలి. తోపుడు బండి మీద కూరలమ్మే ఆమె తూకపు రాళ్లకు ముద్ర లేదని జరిమానా రాసే శ్రద్ధలో వీసమెత్తు ఈ పెద్ద దుకాణాల మీద పెడితే చాలదా? 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు, నిజమే. అయిదు వందల కూపన్ కోసం పెళ్లి పనులు మానుకుని ఎవరు చేస్తారన్న ధీమాయే వారిది.

మీ పత్రికకూ ఒక మాట. వార్తలో అంకె తప్పితే మర్నాడు సవరణ వేస్తారు. డబ్బు తీసుకుని వేసే అంకెలను ఎవరూ చదవరా? 16,000 బిల్లుకు చేతికొచ్చేది ఎంతో ఆ కూపన్ మీదే, అంతే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయమని మీ ప్రకటనల విభాగం అడగవచ్చు. దీపావళి ప్రకటనలకు ఇంకా గడువు ఉంది.

ఒక పాత చందాదారు, విజయవాడ