మీటరు ఓనర్‌ది, లోడు మాది

సంపాదకులకు నమస్కారం.

హాస్టల్లో షార్ట్ సర్క్యూట్ అయిందని పేపర్లో వచ్చినప్పుడల్లా, నిర్వాహకుల కక్కుర్తే కారణమని నలుగురూ నాలుగు మాటలంటారు. కొన్నిచోట్ల అది నిజమే, కాదనను. కానీ కాలేజీ దగ్గర అద్దె ఇంట్లో 12 మంది అమ్మాయిలతో చిన్న పీజీ నడుపుతున్నాను కాబట్టి, ఆ వైర్లు కాలేదాకా ఎలా వస్తుందో కూడా నలుగురికీ తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.

మేం తీసుకున్నది ఒక కుటుంబం ఉండటానికి కట్టిన నాలుగు గదుల ఇల్లు. మీటరు ఓనర్ గారి పేరు మీద ఉంది. ఒకేసారి వాడుకోవడానికి మంజూరైన కరెంటు, అంటే శాంక్షన్డ్ లోడు, 3 కిలోవాట్లు. కేటగిరీ గృహ వినియోగం. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు బాత్‌రూములు లెక్కపెట్టాను, ట్యాంకు ఎక్కి చూశాను, పక్కింటి వాళ్లతో మాట్లాడాను. మీటరు డబ్బా మాత్రం తెరిచి చూడలేదు. ఇప్పుడెవరైనా పీజీ పెడతానని సలహా అడిగితే ముందు అదే చూడమంటున్నాను.

పిల్లలు చేరిన మొదటి నెలలోనే తెలిసొచ్చింది. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా అందరికీ ఒకేసారి వేడినీళ్లు కావాలి. రెండు గీజర్లు, ఒక్కోటి 2 కిలోవాట్లు. ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు ముప్పావు కిలోవాటు. ఇస్త్రీపెట్టె ఒక కిలోవాటు. వద్దని ఎంత చెప్పినా పెట్టెల్లో దాచుకుని తెచ్చుకునే కెటిల్ ఒకటిన్నర. ఫ్యాన్లూ ఫ్రిజ్జూ కలిపితే ఇంకో ముప్పావు. మొత్తం 8 కిలోవాట్లు, అంటే దాదాపు 35 ఆంపియర్లు. మెయిన్‌లో ఉన్నదేమో 25 ఆంపియర్ల ఎంసీబీ స్విచ్చు. అది కాసేపు ఓర్చుకుని పడిపోయేది. తలకు సబ్బు పెట్టుకున్న అమ్మాయి "ఆంటీ, కరెంటు!" అని లోపలి నుంచి అరవడం, నేను పరుగెత్తి ఎంసీబీ ఎత్తడం. రోజూ ఇదే టెన్షన్.

ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే, "ఎంసీబీ చిన్నదమ్మా, 40ది వేస్తే ఇక పడదు" అన్నాడు. అసలు ప్రమాదం ఈ మాటలోనే ఉంది. ఎంసీబీ ఉండేది గీజరును కాపాడటానికి కాదు, గోడలో ఉన్న వైరును కాపాడటానికి. ఆ వైరు మోయగలిగినదానికంటే ఎక్కువ కరెంటు పోతుంటే ఆపడమే దాని పని. మా ఇంట్లో రెండు గీజర్లూ, ఇస్త్రీ పాయింటూ, కెటిల్ పెట్టే ప్లగ్గూ ఒకే లైను మీద ఉన్నాయని తర్వాత తేలింది. అది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. గోడలో పైపులో నుంచి పోయేటప్పుడు సుమారు 20 ఆంపియర్లకు మించి మోయలేదు. దాని మీద 28 దాకా పడుతోంది. పెద్ద ఎంసీబీ వేస్తే కరెంటు పోదు, నిజమే. గోడ లోపల వైరు మీది తొడుగు మాత్రం రోజూ కొంచెం కొంచెం మెత్తబడుతుంది. గీజరు వేయగానే లైట్లు మసకబారడం, స్నానాలయ్యాక స్విచ్‌బోర్డు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగలడం, ప్లగ్గు కన్నాల చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరగడం, ఇవన్నీ మా ఇంట్లో కనిపించాయి. అప్పటిదాకా బోర్డు పాతబడిందేమో అనుకున్నాను.

వైరింగ్ మార్పించాలంటే 46 వేలు అన్నారు. ఒక్కో గీజరుకు విడి లైను, 16 ఆంపియర్ల ఎంసీబీ, కొత్త ఎర్తింగ్, మెయిన్‌లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. గీజరు లోపల కాయిల్ పాడై నీళ్లలోకి కరెంటు లీకైతే ఎంసీబీకి తెలియదు, ఆపేది ఆర్‌సీసీబీనే. పదిమంది స్నానం చేసే ఇంట్లో అది లేకుండా ఇన్నాళ్లు ఉన్నామా అని ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. డబ్బు ఎవరు పెట్టాలన్న దగ్గర పేచీ వచ్చింది. అగ్రిమెంటు అందరిలాగే 11 నెలలకు రాసుకున్నాం. "11 నెలల తర్వాత మీరు ఉంటారో పోతారో" అన్నారు ఓనర్ గారు. "పోయేటప్పుడు గోడలో రాగి తీగ పీక్కుపోలేను కదండీ" అన్నాను. చివరికి నేను పెట్టేలా, అద్దెలో నెలకు 2 వేలు చొప్పున 11 నెలలు తగ్గించుకునేలా కుదిరింది. సగం కూడా రాలేదు. అయినా పిల్లలున్న ఇల్లు కాబట్టి సరేనన్నాను.

లోడు పెంచే విషయంలో మాత్రం బండి అక్కడే ఆగిపోయింది. కరెంటు ఆఫీసుకు వెళితే మీటరు ఎవరి పేరున ఉందో వాళ్లే దరఖాస్తు పెట్టాలన్నారు. ఓనర్ గారు సంతకం పెట్టనన్నారు. మీటరు కమర్షియల్ అయితే రేపు ఇంటి పన్ను కూడా ఆ లెక్కనే వేస్తారేమోనని ఆయన భయం. ఆయన్ను తప్పుపట్టలేను. ఈలోగా తనిఖీకి వచ్చారు. గృహ కనెక్షన్ మీద హాస్టల్ నడుపుతున్నారని, విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 126 కింద రాసుకున్నారు. మంజూరైన అవసరానికి కాకుండా వేరేదానికి వాడితే, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలలకు లెక్క కడతారు. నోటీసు వచ్చింది ఓనర్ గారి పేరున. ఆయన నేరుగా ఇల్లు ఖాళీ చేయమన్నారు.

మేం హాస్టల్ మొదలుపెట్టి అప్పటికి 8 నెలలే. అగ్రిమెంటు మీది తేదీ, పిల్లలు చేరిన రిజిస్టరు జతచేసి అభ్యంతరం రాసి ఇస్తే, 8 నెలలకే లెక్క కట్టారు. చాలామంది ఈ దశలో భయపడి అడిగినంతా కట్టేస్తారు. తుది ఉత్తర్వు నచ్చకపోయినా 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లవచ్చు, కాకపోతే సగం సొమ్ము ముందే కట్టాలి. మేం అంతదాకా వెళ్లలేదు. మొత్తం నేనే కట్టి, కేటగిరీ మార్పించుకుని, మమ్మల్ని ఉండనివ్వమని ఓనర్ గారిని ఒప్పించాను.

విచిత్రమేమిటంటే, మనిషికి నెలకు 20 వేలకు మించకుండా చెల్లిస్తూ కనీసం 90 రోజులు వరసగా ఉంటే ఆ వసతికి జీఎస్టీ ఉండదని 2024లో కౌన్సిల్ నిర్ణయించింది. అక్కడ పిల్లలు నివాసం ఉంటున్నారన్న లెక్క. అదే ఇల్లు కరెంటు మీటరు దగ్గరికొచ్చేసరికి వ్యాపారం. వ్యాపార రేటు వేస్తే వేయండి, కడతాం. 12 మంది ఉండే ఇంటికీ, 200 మంది ఉండే నాలుగంతస్తుల హాస్టల్‌కూ ఒకే గాటన కట్టడం న్యాయమా అన్నది ఒక ప్రశ్న. అంతకంటే ముఖ్యం, లోడు పెంచుకునే దారి.

ఆ విద్యుత్ చట్టంలోనే సెక్షన్ 43 ఇంటి యజమాని అడిగినా, అందులో ఉంటున్నవాళ్లు అడిగినా కనెక్షన్ ఇవ్వాలంటోంది. అలాంటప్పుడు ఉన్న కనెక్షన్‌కు లోడు పెంచమని అద్దెకున్నవాళ్లు అగ్రిమెంటు చూపించి అడిగితే ఎందుకు తీసుకోకూడదు? డిపాజిట్, చార్జీలు మేమే కడతాం. లోడు పెంచేటప్పుడే వైరింగ్, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ చూసి రాసిచ్చే పద్ధతి పెడితే, ఇప్పుడు తనిఖీకి భయపడి మీటరు గదికి తాళం వేసుకునేవాళ్లు కూడా ముందుకొస్తారు. విద్యుత్ అధికారులు, నియంత్రణ మండలి దీన్ని పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ప్రస్తుతానికి మా ఇంట్లో చేంజోవర్ స్విచ్ పెట్టించాను. ఒక గీజరు తిరుగుతుంటే రెండోది తిరగదు. స్నానాలకు వంతుల పట్టిక తలుపు మీద అంటించాం, కెటిల్ వంటగదిలో నా కళ్లముందే ఉంటుంది. ఎంత తగ్గించినా పొద్దుట పూట 4 కిలోవాట్లు దాటుతోంది. శాంక్షన్డ్ లోడు ఇప్పటికీ 3 కిలోవాట్లే. దరఖాస్తు ఫారం ఓనర్ గారి సంతకం కోసం ఆయన టేబుల్ మీదే ఉంది.

ఇట్లు,
ఒక పీజీ హాస్టల్ నిర్వాహకురాలు