ఆటో డెబిట్ మ్యాండేట్ రద్దు చేయమని మూడు నెలలుగా అడుగుతున్నా పట్టించుకోనందుకు ఫిర్యాదు

గుంటూరు,
ఆగస్టు 7.

బ్రాంచి మేనేజరు గారికి,

నమస్కారం. 2008 నుంచి మీ బ్రాంచిలో నాకు ఖాతా ఉంది. బ్రాడీపేటలో నా ఫ్యాన్సీ షాపు డబ్బులు రోజూ అందులోనే వేస్తాను. మా ఆడపడుచు చేత, షాపులో పనిచేసే ఇద్దరమ్మాయిల చేత కూడా మీ దగ్గరే ఖాతా తెరిపించాను. అలాంటి నేను మే నెల నుంచి మీ కౌంటర్ల చుట్టూ తిరుగుతున్నాను.

మా అమ్మాయి పరీక్షల కోసం ఒక కోచింగ్ యాప్‌కి నెలకు 899 రూపాయలు ఆటో డెబిట్ పెట్టాం. ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోయాక రద్దు చేద్దామంటే యాప్‌లో ఆ బటన్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. నాలుగు మెయిళ్లు పెట్టాను, ఒక్కదానికీ మనిషి రాసిన జవాబు రాలేదు. ఆ కంపెనీ సంగతి వేరే చూసుకుంటాను. నా డబ్బు ఉన్నది మీ దగ్గర కాబట్టి మీ దగ్గరికి వచ్చాను.

మే 8న వస్తే కౌంటరులో ఉన్నాయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "యూపీఐ యాప్‌లో ఆటోపే తీసేయండమ్మా" అన్నారు. తీసేద్దామంటే అక్కడ ఏమీ లేదు. ఎలా ఉంటుంది? మేము యూపీఐతో పెట్టలేదు. డెబిట్ కార్డు వివరాలు, ఓటీపీ ఇచ్చి నేరుగా ఖాతా మీదే ఈ-నాచ్ మ్యాండేట్ పెట్టాం. పాస్‌బుక్‌లో 899 పక్కన ACH D అని మీ ప్రింటరే కొట్టింది. ఆయన ఆ లైను చూసి ఉంటే నాకు ఇంత తిరుగుడు ఉండేది కాదు.

మే 12న కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు పాట వినిపించి, "కంపెనీ వాళ్లే రద్దు చేయాలి" అన్నారు. ఈ-నాచ్‌లో ఖాతాదారు తన బ్యాంకుకి చెప్పి మ్యాండేట్‌ను వెనక్కి తీసుకోవచ్చు. దానికి కంపెనీ ఒప్పుకోనక్కర్లేదు. ఇది మా తమ్ముడి కొడుకు చెప్పాడు. మీ వాళ్లు చెప్పాల్సిన మాట అది.

మే 19న రాతపూర్వకంగా రద్దు లేఖ ఇచ్చాను. ముద్ర వేసి కాపీ ఇమ్మంటే "అవసరం లేదు, సిస్టంలో ఉంటుంది" అన్నారు. పైగా ఒక సలహా: ఐదో తారీఖుకి ఖాతాలో డబ్బులు ఉంచకండి, కట్ కాదు. అలాగే చేశాను. జూన్ 5న డెబిట్ తిరిగిపోయింది, దానికి మీరే జీఎస్టీతో కలిపి 590 రూపాయలు వడ్డించారు! 10న షాపు డబ్బులు వేయగానే కంపెనీ మళ్లీ పంపింది, 899 పోయింది. మ్యాండేట్ బతికి ఉన్నంతకాలం వాళ్లు పంపుతూనే ఉంటారని ఆ సలహా ఇచ్చినాయనకి తెలియదా?

జూన్ 12న ఒక మేడమ్ గారు ఓపికగా విన్నారు, "ఆపేశాను" అన్నారు. ఆమెకి దండం పెట్టి వచ్చాను. జూలైలో కట్ కాలేదు. ఆగస్టు 5న మళ్లీ 899 పోయింది. అడిగితే తేలింది: చేసింది జూలై డెబిట్‌కి మాత్రమే స్టాప్ పేమెంట్, మ్యాండేట్ రద్దు కాలేదు. ఆ రెండూ వేరని నాకు చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? నిన్న మళ్లీ వస్తే అదే కౌంటరాయన, "మీరే కదమ్మా ఒప్పుకున్నది, మమ్మల్నేం చేయమంటారు?" అని పదిమందిలో అన్నారు. ఆ మాట నాకు 899 కంటే ఎక్కువ బాధ కలిగించింది. ఒప్పుకున్నది నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే.

మీ నెట్ బ్యాంకింగ్‌లో ఈ మ్యాండేట్ కనిపిస్తుంది, రద్దు చేసే వీలు మాత్రం లేదు. గరిష్ఠ మొత్తం 5,000 అని ఉంది. అంటే నెలకు 899 దగ్గరే ఆగుతారన్న భరోసా కూడా లేదు. ఆ పేజీ ప్రింటు, అందులోని UMRN నంబరుతో సహా జతచేశాను. ఆ నంబరు మీద మ్యాండేట్‌నే రద్దు చేసి, రద్దయినట్టు కాగితం మీద రాసివ్వండి. మే 5న పోయిన డబ్బు మిమ్మల్ని అడగడం లేదు, అప్పటికి నేను మీకు చెప్పలేదు. మే 19న లేఖ ఇచ్చాక పోయిన రెండు 899లు, మీ 590, మొత్తం 2,388 రూపాయలు తిరిగి వేయండి.

ఈసారి రెండు కాపీలు తెచ్చాను. ఒకదాని మీద తేదీతో ముద్ర వేసి ఇచ్చేదాకా కౌంటరు దగ్గర నుంచి కదలను. ఈ లేఖకి 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెడతాను. ముద్ర ఉన్న కాపీ, పాస్‌బుక్ పేజీలు అన్నీ జతచేస్తాను. ఆ తర్వాత నా ఖాతా, మా ఆడపడుచు ఖాతా ఇక్కడ ఉండవు.

ఇట్లు,
మీ ఖాతాదారు,
బ్రాడీపేట.