తాళం ఏ తలుపుకో కూడా చెప్పి అమ్మాలి

సంపాదకుడు గారికి,

మా తెనాలి బజారులో ఈమధ్య కంప్యూటర్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు షాపు షాపుకూ తిరుగుతున్నారు. "రాత్రి షట్టర్ దించి తాళం వేస్తారు కదండీ, మరి కంప్యూటర్‌కు తాళం ఏదీ?" అని అడుగుతున్నారు. కంప్యూటర్ సంగతులు బొత్తిగా తెలియని యజమానికి కూడా అది ఇట్టే అర్థమవుతుంది. పోలిక సరైనదే. దాన్ని సగంలో ఆపి బిల్లు రాసేయడమే నాకు అభ్యంతరం. ఎంత గట్టి తాళమైనా, పట్టపగలు గుమస్తాయే తలుపు తీసి దొంగను లోపలికి పిలిస్తే ఏం చేయగలదు? ఆ మాట వాళ్లు చెప్పడం లేదు.

నేను షాపుల బిల్లింగ్ కంప్యూటర్లు చూస్తుంటాను. ఒక బట్టల షాపులో డబ్బు కట్టి కొన్న యాంటీవైరస్ ఉంది, గడువు కూడా ఉంది. జీఎస్టీ నోటీసు అంటూ మెయిల్ వస్తే గుమస్తా అందులోని ఫైలు తెరిచాడు. సాఫ్ట్‌వేర్ హెచ్చరించింది. నోటీసు అనేసరికి టెన్షన్ పడిపోయి, హెచ్చరికను దాటేసి మళ్లీ నొక్కాడు. మర్నాడు చూస్తే ఖాతాల ఫైళ్లన్నిటి పేర్ల చివర ఏవో అక్షరాలు చేరాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. డబ్బు కడితేనే తాళం తీస్తామని డెస్క్‌టాప్ మీద ఒక చిన్న ఫైలు. బ్యాకప్ కోసం కొన్న హార్డ్ డిస్క్ ఉందిలే అనుకున్నారు గానీ, అది ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంటుంది. దానిలోని ఫైళ్లకూ అదే గతి పట్టింది. ఎవరెంత బాకీయో తెలియదు. పైగా జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రంగా ఉంచాలి. పాత కాగితం బిల్లులు ముందేసుకుని అకౌంటెంట్ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది.

ఈ షాపును కాపాడగలిగి ఉండేది ఒక్కటే, తీసి పక్కన పెట్టిన బ్యాకప్. రెండు పెన్‌డ్రైవ్‌లు చాలు. షాపు మూసేముందు ఒకరోజు ఒకదానిలో, మర్నాడు రెండోదానిలో డేటా కాపీ చేసి, వెంటనే తీసేసి, ఆరోజుది యజమాని ఇంటికి పట్టుకెళ్లాలి. నెలకోసారి దాన్ని వేరే కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి, చివరి బిల్లు నంబరు కనబడుతోందో లేదో చూడాలి. ఇది చూడకుండా బ్యాకప్ ఉందనుకుని నమ్మకం పెట్టుకున్నవాళ్లే ఎక్కువ దెబ్బతింటున్నారు. పరీక్షించేటప్పుడు మాత్రం నడుస్తున్న డేటా మీదే రిస్టోర్ చేయకూడదు, ఉన్నది చెరిగిపోతుంది.

ఇంకో పైసా ఖర్చులేని పని ఉంది. బిల్లులు కొట్టే కుర్రాడికి అడ్మినిస్ట్రేటర్ లాగిన్ ఇవ్వకుండా మామూలు యూజర్ లాగిన్ ఇవ్వాలి. అప్పుడు కొత్త ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ కావాలంటే చాలాసార్లు యజమాని పాస్‌వర్డ్ అడుగుతుంది. అన్నిటినీ ఆపలేదు గానీ, తొందరపాటుకు కొంత అడ్డం పడుతుంది.

సాఫ్ట్‌వేర్ వద్దని నేను అనడం లేదు. నాలుగైదు కంప్యూటర్లున్న షాపుకు, అన్నిటినీ ఒకచోటి నుంచి చూసుకోడానికి, ఫోన్ చేస్తే పలికే మనిషికి డబ్బు పెట్టడం న్యాయమే. అయితే విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే రక్షణ అదనపు ఖర్చు లేకుండానే ఉందని అమ్మేవాళ్లు చెప్పాలి. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయనీ చెప్పాలి. 2017 మేలో వన్నాక్రై అనే ఇలాంటి వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లను బంధించినప్పుడు, దానికి విరుగుడు అప్‌డేట్ మార్చిలోనే విడుదలై ఉంది. వేసుకోని కంప్యూటర్లే దొరికిపోయాయి. పాత విండోస్ మీద కొత్త యాంటీవైరస్ వేసి నిశ్చింతగా ఉండమనడం సరికాదు. అలాగే, దొంగ యూపీఐ స్క్రీన్‌షాట్ చూపించి సరుకు పట్టుకుపోయే మోసాన్ని ఈ సాఫ్ట్‌వేర్ ఏదీ ఆపదు. డబ్బు పడిందో లేదో సొంత యాప్‌లోనే చూసుకోవాలి.

అందుకే నా విన్నపం. దేన్ని ఆపుతుంది, దేన్ని ఆపదు, రెండో ఏడు రెన్యువల్‌కు ఎంత కట్టాలి అనే మూడు విషయాలూ తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇచ్చాకే డబ్బు ఇవ్వాలని వర్తక సంఘాలు తమ సభ్యులకు చెప్పాలి. అదే కాగితం వెనక ఆపద వేళ చేయాల్సినవీ అచ్చు వేయించాలి: ఫైళ్లు తెరుచుకోకపోతే ముందు నెట్ వైరు పీకి వైఫై ఆపేయడం, బ్యాకప్ పెన్‌డ్రైవ్‌ను ఆ కంప్యూటర్‌కు తగిలించకపోవడం, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టడం. మీ పత్రిక కూడా ఈ వివరాలను వ్యాపార పేజీలో ప్రచురించాలని కోరుతున్నాను.

— కంప్యూటర్ సర్వీసింగ్ చేసే ఒక పాఠకుడు, తెనాలి