నీ వంకాయ కూర ఫోటో చూశా

ఒరేయ్ చిన్నా,

ఫోటో చూశాన్రా, ముక్కలు నల్లగా, పక్కన నూనె మడుగు, మీ నాన్నేమో ఇది వంకాయా ఖర్జూరమా అంటున్నారు. నవ్వుకున్నాంలే కానీ తప్పు ఎక్కడ జరిగిందో నాకు అర్థమైంది, కాయలు తరిగి అలా వదిలేసి ఆఫీస్ కాల్ మాట్లాడి వచ్చా అన్నావు చూడు, అక్కడే. కోసిన వంకాయకి గాలి తగిలితే నల్లబడి కనరెక్కుతుంది. అందుకే చాకు పట్టకముందే లీటరు నీళ్ళలో రెండు చెంచాల ఉప్పు కలిపి పక్కన పెట్టుకో, కోసిన ముక్క కోసినట్టే అందులో పడాలి. పైకి తేలతాయి, తేలిన వైపు మళ్ళీ నల్లబడుతుంది, ఒక ప్లేటు బోర్లించు.

చేదు మాత్రం ఉప్పునీళ్ళతో పూర్తిగా పోదు, అది కొనేటప్పుడే చూసుకోవాలి. తళతళలాడుతూ, నొక్కితే మళ్ళీ పైకి లేచే కాయ తీసుకో. కోశాక గింజలు గోధుమరంగులో గట్టిగా కనిపిస్తే ముదురు కాయ, మొహమాటపడకుండా పారెయ్.

ఇక నూనె. వంకాయ కండ స్పాంజి లాంటిది, లోపలంతా గాలి, ఎంత పోస్తే అంతా తాగేస్తుంది. మూకుడు పొడిగా కనిపించగానే నువ్వు ఇంకో గరిటె పోసుంటావు, కదా? ముక్క మెత్తబడి కుంగినప్పుడు తాగిందంతా కక్కేస్తుంది, నీ మడుగు అదే. కాబట్టి ముక్కని నూనెతో కాదు, ఆవిరితో మగ్గించాలి.

పావుకిలో లేత కాయలకి రెండు టేబుల్ స్పూన్ల నూనె చాలు. బాగా కాగాక నీళ్ళు గట్టిగా పిండిన ముక్కలు వేసి రెండు నిమిషాలు హై లో తిప్పు, చిటికెడు పసుపు వెయ్యి, ఉప్పు తక్కువే, నీళ్ళలో కొంత పట్టేసింది. తర్వాత సిమ్ చేసి పళ్ళెం మూత పెట్టి ఆ పళ్ళెంలో కాసిని నీళ్ళు పొయ్యి, మా అమ్మ ఇలాగే చేసేది, లోపలి ఆవిరి చల్లటి పళ్ళానికి తగిలి మళ్ళీ ముక్కల మీదే కారుతుంది, అడుగంటదు. ఒక పది పన్నెండు నిమిషాలు, మధ్యలో రెండుసార్లు మాత్రమే కలుపు, ఊరికే కెలికితే తొక్కలు విడిపోతాయి. గరిటె అంచుతో నొక్కితే వెన్నలా దిగాలి, ఎదురు తిరిగితే ఇంకా మూడు నిమిషాలు.

పులుపు ముందే వెయ్యకురా, చింతపండు పడితే ముక్క బిర్రుగా అయిపోయి ఎంతసేపున్నా మెత్తబడదు. అంతా మగ్గాక అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర కచ్చాపచ్చాగా నూరి కలిపి మూత తీసేసి రెండు నిమిషాలు ఉంచు, దింపాక నిమ్మకాయ పిండు. ఆ ఇనప మూకుడులో వద్దు, పులుపు తగిలితే అది కూడా నల్లబరుస్తుంది, నేను పంపిన స్టీల్‌ది అటక మీదే ఉందిగా, దింపు.

అమ్మ