మా బాబు కాలు విషయంలో తోడున్నవాళ్లకు

కాలి ఎముకకు ఇన్ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో చేరిన ఎనిమిదేళ్ల మా బాబు మళ్లీ స్కూలుకు వెళ్తున్నాడు. నల్లకుంటలో మా వీధివాళ్ల దగ్గర్నుంచి ఆస్పత్రి నర్సుల దాకా చాలామందికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

ముందు మా పైవాటాలో ఉండే అక్కకి. ఆవిడ ఫిజియోథెరపిస్ట్. ఆటలో పడ్డాడు, బెణికిందని ఒక క్లినిక్‌లో నొప్పి మందిచ్చి పంపేశారు. ఎక్స్‌రే కూడా బాగానే ఉంది. అక్క మోకాలి కింద ఒక్క వేలితో నొక్కుతూ వస్తే ఒకేచోట వాడు కెవ్వుమన్నాడు. "బెణుకైతే 102 జ్వరం ఎందుకొస్తుంది తమ్ముడూ? కాలు కింద మోపట్లేదు కూడా. పిల్లల ఆర్థోకి ఇవాళే చూపించు" అంది.

పిల్లల ఆర్థో డాక్టర్‌గారు ఎమ్మారై రాశారు. ఎముకకు ఇన్ఫెక్షన్ వచ్చిన మొదటి రోజుల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుందట, ఎముకలో మార్పు కనిపించడానికి 10 నుంచి 14 రోజులు పడుతుందట. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, ఏ క్రిమో పెంచి చూసే కల్చర్‌కి రక్తం తీయించారు. ఏడ్చే పిల్లాడికి నరం దొరికేదాకా ఓపిక పట్టిన నర్సమ్మకు దండం. ఈ వయసులో ఎక్కువగా స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమే కారణం కాబట్టి రిపోర్టు రాకముందే దానికి పనిచేసే సెఫాజోలిన్ ఎక్కించారు. నాలుగేళ్లలోపు పిల్లల్లో కింగెల్లా అనే క్రిమి కూడా ఉంటుందని, అది మామూలు కల్చర్‌లో చాలాసార్లు పెరగదని చెప్పారు.

ఎమ్మారైలో మోకాలి కింది ఎముకపై పొర కింద చీము కనిపించింది. ఆపరేషన్ అనగానే మాకు టెన్షన్. చీము లేకపోతే చాలామందికి మందులతోనే తగ్గుతుందనీ, గూడు కట్టాక మాత్రం దాని లోపలికి మందు సరిగ్గా చేరదనీ సర్జన్‌గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. చీము కనబడకపోయినా, మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజులకి జ్వరం, నొప్పి తగ్గకపోతే మళ్లీ స్కాన్ చేసి తెరవాలేమో చూస్తారట. ఆపరేషన్ చేసి తీసిన చీములో ఆ స్టాఫైలోకాకస్సే వచ్చింది, సెఫాజోలిన్‌కి లొంగే రకమే.

తర్వాత మా కళ్లన్నీ ఒంట్లో ఇన్ఫెక్షన్ తగ్గుతోందో లేదో చెప్పే రక్తపరీక్ష సీఆర్‌పీ మీదే. చేరినప్పుడు 148. జ్వరం పోయి, కాలు కదిలించడం మొదలుపెట్టి, 40కి దిగాక ఇంజెక్షన్ ఆపి సెఫాలెక్సిన్ సిరప్‌కి మార్చారు. అన్నీ కలిపి నాలుగు వారాలు. మందులకు లొంగని స్టాఫైలోకాకస్ అయితే ఇంకా ఎక్కువ రోజులు వాడాల్సి వచ్చేదట.

మా మెడికల్ షాపు అన్నకి ప్రత్యేకంగా. గొంతు నొప్పికిచ్చే దానికి రెండింతలకు పైగా ఉన్న డోసు చూసి ఆగిపోయి, డాక్టర్‌గారికి ఫోన్ చేసి, బాబు బరువు చెప్పి, ఎముకకి అంత కావాలని రూఢి చేసుకున్నాకే ఇచ్చాడు. ఆరు గంటలకోసారి కాబట్టి అర్ధరాత్రి డోసు మర్చిపోవద్దని సీసా మీద రాసి మరీ పంపాడు.

ఎముక పెరిగే భాగం పక్కనే చీము పట్టింది కాబట్టి రెండు కాళ్ల పొడవు సమానంగా ఉందో లేదో కొన్నాళ్లు చూస్తూ ఉండాలన్నారు. ఎక్స్‌రేకి వెళ్లే రోజు స్కూలు వ్యాన్ అన్న దింపుతానన్నాడు, ఆయనకీ ముందే థాంక్స్.