స్లాబ్ జాకీలు ఏడో రోజే తీయించిన మీ షెడ్యూల్ గురించి ఫిర్యాదు

ప్రాజెక్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ కంపెనీ కట్టిస్తున్న మా ఇంట్లో హాలు స్లాబ్ కింద జాకీలను ఈ నెల 10న మీ మనుషులు తీయడం మొదలుపెట్టారు. కాంక్రీట్ పోసింది 3న. నేను అడ్డుపడేసరికే మధ్య వరుస జాకీలు ఊడదీసి ఓ పక్కన పేర్చేశారు. మేస్త్రీని అడిగితే మీ షెడ్యూల్ కాగితం చూపించాడు. అందులో అలాగే ఉంది కాబట్టి అతన్ని తప్పుపట్టను. నా ఫిర్యాదు ఆ కాగితం మీదే.

అందులో కాంక్రీట్ పోసిన ప్రతి పని తర్వాతా ఒకటే మాట: "క్యూరింగ్ 7 రోజులు, ఆ తర్వాత సెంట్రింగ్ విప్పుట". పిల్లర్‌కీ అదే, బీమ్‌కీ అదే, స్లాబ్‌కీ అదే. కానీ క్యూరింగ్ వేరు, సెంట్రింగ్ ఉంచాల్సిన గడువు వేరు. నీళ్లు పెట్టేది సిమెంటుకు తడి అందడానికి. జాకీలు ఉంచేది స్లాబ్ తన బరువు తాను మోసేదాకా.

పిల్లర్ల పెట్టెలు పక్కల ఆసరాకే కాబట్టి మర్నాడు జాగ్రత్తగా విప్పి, గోనెపట్టా చుట్టి తడపవచ్చు. మీరు సగం పిల్లర్లకే సరిపడా పెట్టెలు తెచ్చి, వాటిని వారం పాటు అలాగే ఉంచారు. మిగతా సగం పిల్లర్లు ఆ పెట్టెల కోసం ఎదురుచూశాయి. అక్కడ ఊరికే పోగొట్టిన రోజుల్ని ఇప్పుడు స్లాబ్ దగ్గర రాబట్టాలని చూస్తున్నట్టుంది.

స్లాబ్ సంగతి అలా కాదు. మామూలు ఓపీసీ సిమెంటు వాడితే, ఆధారాల మధ్య నాలుగున్నర మీటర్ల లోపు దూరమున్న స్లాబ్‌కు జాకీలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీమ్ కింద ఆరు మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21. మా పడకగది మూడున్నర మీటర్లు, హాలు ఐదు మీటర్లు. కాబట్టి పడకగదికి సరిపోయే లెక్కనే మీరు హాలుకూ వేశారు. ఓపీసీ లెక్క ప్రకారమైనా హాలు జాకీలు 17 కంటే ముందు కదలకూడదు. మా సైట్‌లో వాడింది పీపీసీ, బస్తాల మీదే రాసి ఉంది. బూడిద కలిసిన ఆ సిమెంటు మొదట్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కాబట్టి గడువు ఇంకా పెంచాలి, క్యూరింగ్ కూడా 10 రోజులకు తగ్గకూడదు.

మరో తప్పు ఆదివారం. కూలీలకు లాగే క్యూరింగ్‌కూ ఆదివారం సెలవు పెట్టారు. సిమెంటుకు సెలవుండదు కదా! ఆ రోజు స్లాబ్ మీద కట్టిన మళ్లు సాయంత్రానికి ఎండిపోయి, కాంక్రీట్ తెల్లగా తేలింది. నీళ్లు పట్టే మనిషికి ఆ రోజు కూడా పని వేయాల్సింది.

జాకీలు అడ్డుంటే కింద ఇటుక పని సాగదు, అందుకే మీ తొందర. ఆ రోజుల్లో సంపు తవ్వకం, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ పునాది చేయించవచ్చు. వాటికి స్లాబ్‌తో సంబంధం లేదు, కానీ మీ కాగితంలో అవన్నీ ఇల్లు పూర్తయ్యాక ఉన్నాయి. పైగా 11నే పిట్టగోడ ఇటుకలు స్లాబ్ మీదికి ఎక్కించాలని రాశారు. ఆ ఎక్కించడం నేనే ఆపించాను.

ఇప్పుడు మీరు చేయాల్సినవి ఇవి. తీసిన జాకీలను వెంటనే మళ్లీ నిలబెట్టించండి. కానీ అవి స్లాబ్‌కు ఆనితే చాలు, బిగించి పైకి ఎత్తొద్దు. కుంగినదాన్ని ఎత్తబోతే కొత్త పగుళ్లు వస్తాయి. మీ స్ట్రక్చరల్ ఇంజినీర్ స్వయంగా వచ్చి హాలు స్లాబ్ అడుగున ఈ బీమ్ నుంచి ఆ బీమ్‌కు దారం లాగి, మధ్యలో ఎంత కుంగిందో కొలవాలి. మధ్య భాగంలో అడుగున సన్న పగుళ్లు ఉన్నాయేమో కూడా చూసి, రెండూ రాసివ్వాలి. జాకీలు ఎప్పుడు తీయాలో ఆయన సంతకంతో తేదీ వస్తేనే తీయనిస్తాను.

షెడ్యూల్ మళ్లీ వేసేటప్పుడు క్యూరింగ్‌ను, సెంట్రింగ్ గడువును వేర్వేరు వరుసల్లో రాయండి. రెండింటినీ ఆదివారాలతో కలిపి లెక్కించండి. పై స్లాబ్‌కు ఇనుము కట్టడానికీ కాంక్రీట్‌కూ మధ్య కరెంటు పైపులు, ఫ్యాన్ బాక్సులు పెట్టి సరిచూసుకోవడానికి ఒక రోజు కేటాయించండి. కింది స్లాబ్‌కు ఆ పని కాంక్రీట్ లారీ వచ్చాక హడావుడిగా చేశారు.

ఇంజినీర్ నివేదిక, కొత్త షెడ్యూల్ అందేవరకు స్లాబ్ దశకు కట్టాల్సిన డబ్బు ఆపి ఉంచుతున్నాను.

ఇట్లు,
ఇంటి యజమాని